ఊళ్లో దరఖాస్తుల కేంద్రం పెట్టాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ వచ్చు, ఊళ్లోనే ఉండి ఏదైనా చేసుకోవాలనుంది, సర్టిఫికెట్ల పని, ఫారాలు నింపే పని ఎలా ఉంటుందని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. తెలంగాణలో ఒక మండలంలో ఇదే పని చేస్తున్నాను కాబట్టి జవాబులన్నీ ఇక్కడి పద్ధతిని బట్టే రాశాను. ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఉన్న చోట ఆ మాట చెప్పాను. ఎక్కువ చోటు స్కాలర్‌షిప్ కాగితాలకే ఇచ్చాను. ఊళ్లో పిల్లల చదువు ఆగేదీ సాగేదీ అక్కడే.

మీసేవ లైసెన్సు లేకుండా ఈ పని చేయొచ్చా?

చేయొచ్చు. అయితే ఏది మీ పనో, ఏది కాదో ముందే గీత గీసుకోవాలి. ప్రజలు సొంతంగా ఆన్‌లైన్‌లో పెట్టుకోగలిగిన దరఖాస్తులు చాలా ఉన్నాయి. స్కాలర్‌షిప్, పాన్, పాస్‌పోర్టు, ఉద్యోగ పరీక్షలు, కాలేజీ అడ్మిషన్లు అలాంటివే. వాళ్లు పక్కన కూర్చుంటే, వాళ్ల లాగిన్‌తో, వాళ్ల ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మీరు టైపు చేసి పెడతారు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రింటు, స్కానింగ్, తహసీల్దారుకో కలెక్టరుకో అర్జీ రాసిపెట్టడం కూడా ఇందులోకే వస్తాయి.

ఇన్‌కమ్, క్యాస్ట్, రెసిడెన్స్ సర్టిఫికెట్ల సంగతి వేరు. అవి మీసేవ ద్వారా వెళ్తాయి. మీరు ఫారం నింపి, జతపరచాల్సినవన్నీ సరిచూసి, ఫైలు కట్టి మీసేవకు పంపాలి. వేలిముద్ర తీసుకోవాల్సినవి, ఆధార్‌లో మార్పులు చేసేవి అనుమతి ఉన్న కేంద్రాల్లోనే జరగాలి. మీ బోర్డు మీద మీసేవ గుర్తు గానీ, ఆధార్ గుర్తు గానీ వేయకండి. "దరఖాస్తులు నింపబడును" అంటే చాలు.

అధికారికంగా చేయాలంటే దారులు రెండు. ఒకటి కామన్ సర్వీస్ సెంటర్, అందరూ సీఎస్‌సీ అంటారు. దానికి 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, టీఈసీ అనే ఆన్‌లైన్ కోర్సు చేసి పరీక్ష రాయాలి. రెండోది మీసేవ. జిల్లాలో ఖాళీ ఉన్న చోటికి నోటిఫికేషన్ వస్తుంది, కలెక్టరేట్‌లో ఈ-డిస్ట్రిక్ట్ మేనేజర్, అంటే ఈడీఎం ఆఫీసులో వివరాలు తెలుస్తాయి. డబ్బిస్తే మీసేవ ఇప్పిస్తామని తిరిగే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి. ఆంధ్రాలో ఈ సర్టిఫికెట్ల పని చాలావరకు గ్రామ సచివాలయాల్లో జరుగుతుంది. 2025 జనవరి నుంచి మన మిత్ర వాట్సాప్ సేవ కూడా ఉంది, నంబరు 9552300009. కాబట్టి అక్కడ మీ దగ్గరికి వచ్చే పనిలో పరీక్షలు, అడ్మిషన్లు, పాన్ ఎక్కువగా ఉంటాయి.

మొదట్లో ఏమేం కొనాలి?

ఒక లాప్‌టాప్, ఇంకు ట్యాంకు ఉండే ప్రింటర్ కమ్ స్కానర్, కరెంటు పోతే పని ఆగకుండా ఇన్వర్టర్, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. ఇంతే. పెద్ద ఫొటోకాపీ మిషను కోసం మొదట్లోనే అప్పు చేయకండి. వచ్చినవాళ్లు కూర్చోవడానికి బెంచీ మాత్రం తప్పకుండా వేయండి, అది కూడా స్క్రీన్ కనిపించే వైపు. తమ పేరు ఎలా టైపు అవుతోందో వాళ్లే చూసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఇన్‌కమ్ సర్టిఫికెట్ మీసేవలో ఇచ్చాక ఏం జరుగుతుంది?

మీసేవలో ఇచ్చే సేవలు రెండు రకాలు. ఇంతకుముందే జారీ అయి కంప్యూటర్‌లో ఉన్నదాన్ని నంబరుతో మళ్లీ తీయడం అప్పటికప్పుడే అయిపోతుంది. కొత్త ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు విచారణ ఉంటుంది. కౌంటర్‌లో స్కాన్ చేసిన కాగితాలు తహసీల్దారు ఆఫీసుకు వెళ్తాయి, అక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే ఆర్ఐ చూసి నివేదిక ఇస్తారు, ఆ తర్వాత తహసీల్దారు డిజిటల్ సంతకం పెడతారు. 2020లో వీఆర్‌వోల వ్యవస్థ పోయింది, 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. మీ ఊరికి ఎవరున్నారో కనుక్కుని పెట్టుకోండి.

ఆగిపోయేది ఎక్కువగా ఆర్ఐ దగ్గర. దరఖాస్తుదారు ఒక ఊరు, ఆధార్‌లో అడ్రసు ఇంకో ఊరు అని ఉంటే ఆగుతుంది. తండ్రి చేసే పని గడిలో "కూలి" అని, కింద ఆదాయం గడిలో ఉద్యోగి జీతమంత అంకె ఉన్నా ఆగుతుంది. ఫోన్ ఎత్తకపోయినా అంతే. కాబట్టి ఫైలు పంపే ముందు పని, ఆదాయం, అడ్రసు ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూడండి. ఇంట్లో ఎవరికైనా జీతం వస్తుంటే జీతం చీటీ జత చేయాల్సిందే.

ఇంకో మాట. కొత్తది పెట్టే ముందు పాతది ఉందేమో అడగండి. క్యాస్ట్ సర్టిఫికెట్ ఒకసారి కంప్యూటర్‌లో జారీ అయితే దాని నంబరుతోనే మళ్లీ ప్రింటు తీయించుకోవచ్చు. అది తెలియక ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టి నెల రోజులు ఎదురుచూసే వాళ్లను చూస్తుంటే బాధేస్తుంది.

స్కాలర్‌షిప్ ఫారం నింపేముందు ఏం చూడాలి?

టైపు చేయడం ఆఖరి పని. అసలు పని కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పోల్చడం. ఒక కేసు పూర్తిగా చూద్దాం.

డిగ్రీ మొదటి సంవత్సరం అబ్బాయి వచ్చాడనుకోండి. టెన్త్ మెమో మీద `GUGULOTH SRIKANTH` అని ఉంది. ఆధార్‌లో `Srikanth G` అని ఉంది, చిన్నప్పుడు ఎవరో అలా ఎక్కించారు. బ్యాంకు పాస్‌బుక్‌లో ఆధార్ చూసి రాసిన పేరే ఉంది. మూడూ అతనివే అని మనకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టే ప్రభుత్వ సైట్ ఈపాస్‌లో టెన్త్ వివరాలు, ఆధార్ వివరాలు పోల్చి చూస్తారు, తేడా ఉంటే అక్కడే నిలిచిపోతుంది.

ఇక్కడ ఏది మార్చాలన్నది ముఖ్యం. టెన్త్ మెమోలో పేరు మార్చాలంటే స్కూలు రికార్డు దగ్గర మొదలుపెట్టి బోర్డు దాకా తిరగాలి. ఆధార్‌లో మార్చడం తేలిక. కాబట్టి మెమోలో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా, ఆధార్‌ను మార్పించాలి. ఆధార్ కేంద్రంలో పేరు మార్పుకు 2025 అక్టోబరు 1 నుంచి 75 రూపాయలు తీసుకుంటున్నారు. ఏ రుజువు చెల్లుతుందో ఆధార్ సంస్థ సైట్‌లో జాబితా ఉంటుంది, అది చూసి ఒరిజినల్ ఇచ్చి పంపండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే తొందరపడి ఇంటిపేరు సగం విస్తరించి, మళ్లీ వచ్చే ఏడాది మిగతా సగం సరిచేద్దాం అనుకోకూడదు. నేనైతే ఒక తెల్ల కాగితం మీద మెమోలో ఉన్న పేరు పెద్దక్షరాల్లో రాసి, "ఇది చూపించు, టైపు చేసినాక స్క్రీన్ మీద ఇదే ఉందా చూసుకో" అని చెప్పి పంపుతాను.

ఆధార్ సరైనాక బ్యాంకుకు వెళ్లి అక్కడా పేరు మార్పించాలి. ఆ తర్వాత ఇన్‌కమ్ సర్టిఫికెట్. ఈ వరస తప్పితే నష్టం ఉంది. ముందే ఇన్‌కమ్ తీసేస్తే అది పాత పేరుతో వస్తుంది, పేరు మారాక దాన్నీ మళ్లీ తీయాలి. ఆ ఏడాది నోటిఫికేషన్ ఏ తేదీ తర్వాత జారీ అయిన ఇన్‌కమ్ అడుగుతోందో కూడా చదవండి. బీసీ పిల్లలకైతే ఏటా ఆదాయం ఊళ్లో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు.

ఇవన్నీ కుదిరాక ఈపాస్ తెరవండి. మీసేవ సర్టిఫికెట్ నంబరు ఎక్కించేటప్పుడు సున్నాకూ ఇంగ్లిష్ `O` అక్షరానికీ తేడా చూసుకోండి. ఇన్‌కమ్ నంబరు `IC` అని, కుల ధ్రువీకరణ నంబరు `CND` అని మొదలవుతాయి, ఒకదాని గడిలో ఇంకొకటి వేయడం చాలా మామూలుగా జరిగే తప్పు. కాలేజీ పేరు, కోర్సు, సంవత్సరం పిల్లవాడి చేతే చదివించండి. సబ్మిట్ చేశాక వచ్చే అప్లికేషన్ నంబరు ప్రింటు తీసి ఇచ్చి, ఆ ప్రింటు కాలేజీలో ఇచ్చేదాకా పని కానట్టే అని గట్టిగా చెప్పండి. ఇంట్లోనే ఉండిపోయిన ప్రింటుకు స్కాలర్‌షిప్ రాదు.

"బ్యాంకుల ఆధార్ ఇచ్చినం, అయినా పైసలు పడలే" అంటారు. ఎందుకలా?

ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్సు ఇవ్వడం ఒకటి, ప్రభుత్వం వేసే డబ్బు ఈ ఖాతాకే రావాలని ఆధార్‌ను ముడిపెట్టడం ఇంకొకటి. రెండోదాన్ని సీడింగ్ అంటారు, దానికి విడిగా ఒప్పుకోలు ఫారం ఇవ్వాలి. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా, సీడింగ్ ఒక్క బ్యాంకుకే ఉంటుంది. ఆఖరిసారి ఏ బ్యాంకులో ఇచ్చారో డబ్బు అక్కడికే పోతుంది. ఎప్పుడో ఫోన్‌లో తెరిచి వదిలేసిన ఖాతాలోకి డబ్బు పడి, ఇక్కడ పాస్‌బుక్‌లో కనబడక ఏడ్చే తల్లులు వస్తుంటారు. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, దొరుకుతుంది. ముందు ఆ మాట చెప్పండి.

చూడటం చాలా తేలిక. `myaadhaar.uidai.gov.in` లో వాళ్ల ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి `Bank Seeding Status` నొక్కితే బ్యాంకు పేరు, స్థితి కనిపిస్తాయి. `Active` అని ఉండాలి. `Inactive` ఉన్నా, వేరే బ్యాంకు పేరు ఉన్నా, కావాల్సిన బ్యాంకుకు వెళ్లి సీడింగ్ ఫారం ఇప్పించండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టిన రోజే ఇది చూసి ప్రింటు తీసి ఫారానికి పిన్ను కొట్టి ఇవ్వండి. ఆరు నెలల తర్వాత వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఓబీసీకీ ఈడబ్ల్యూఎస్‌కీ రెండింటికీ 8 లక్షలే కదా, లెక్క ఒకటేనా?

కాదు. చదువుకున్న వాళ్లూ ఇక్కడే పొరబడతారు.

ఈడబ్ల్యూఎస్ అంటే ఏ రిజర్వేషనూ లేని కుటుంబాలకు. అక్కడ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలిపి కుటుంబం మొత్తం ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. కేంద్రం నిబంధనలో ఆస్తి పరిమితి కూడా ఉంది: సాగు భూమి ఐదెకరాలు ఉన్నా దాటినా రాదు. పోయిన ఆర్థిక సంవత్సరం ఆదాయం చూసి ఇస్తారు, ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. కాబట్టి మార్చిలో తీసుకున్నది ఏప్రిల్ నోటిఫికేషన్‌కు పనికిరాకపోవచ్చు.

కేంద్ర ఉద్యోగాలకు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే సంపన్న శ్రేణి కాదని చూపే సర్టిఫికెట్ లెక్క వేరు. 8 లక్షల పరిమితిని 2017లో పెట్టారు. అందులో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. మిగతా రాబడి, అంటే వ్యాపారం, అద్దెలు లాంటివి చూస్తారు. జీతగాళ్లకు అంకె కాకుండా ఉద్యోగం హోదా చూస్తారు. తండ్రికి నాలుగెకరాల సాగు, తల్లి అంగన్‌వాడీ టీచర్, ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు ఉన్న కుటుంబం అనుకుందాం. ఆదాయ పరిమితికి లెక్కించేది కొట్టు మీద వచ్చేదే. అయినా "అన్నీ కలిపితే ఎక్కువవుతుందేమో" అని భయపడి అసలు దరఖాస్తే పెట్టని పిల్లలున్నారు. వాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

రాష్ట్రం బీసీ జాబితా, కేంద్రం ఓబీసీ జాబితా వేరువేరు అన్నది మరిచిపోవద్దు. కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసే పంపండి.

ఫొటో, సంతకం సైజు సరిపోవట్లేదని సైట్ తిప్పికొడుతుంది. ఏం చేయాలి?

ఐబీపీఎస్ పెట్టే బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ అడుగుతారు. ఊరూపేరూ లేని సైట్లలోకి జనం ఫొటోలు, ఆధార్‌లు ఎక్కించి చిన్నవి చేయకండి. మీ కంప్యూటర్‌లోనే ఇమేజ్‌మ్యాజిక్, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాములు పెట్టుకోండి. ఫైలు ఉన్న ఫోల్డరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇవి టైపు చేయండి.

```
magick photo.jpg -resize 600x -define jpeg:extent=48KB photo-s.jpg
gswin64c -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook -o small.pdf big.pdf
```

మొదటిది ఫొటోను 48 కేబీ దగ్గరికి తెస్తుంది, రెండోది పీడీఎఫ్ బరువు తగ్గిస్తుంది. తగ్గించాక తెరిచి చూడండి. మెమో మీద హాల్‌టికెట్ నంబరు చదవగలిగేలా ఉండాలి, లేకుంటే వెనక్కి వస్తుంది.

అర్జీలు తెలుగులో టైపు చేసేటప్పుడు యూనికోడే వాడండి. అను ఫాంటులో చేసింది ప్రింటుకు బాగుంటుంది గానీ, సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

కొందరికి ఫోన్ ఉండదు. దరఖాస్తులో నా నంబరు పెట్టొచ్చా?

వద్దు. ఎంత జాలేసినా వద్దు. రేపు స్టేటస్ చూడాలన్నా, పాస్‌వర్డ్ మరిచిపోయినా, డబ్బు పడిందో లేదో తెలియాలన్నా అంతా ఆ నంబరు చుట్టే తిరుగుతుంది. మీరు ఊళ్లో లేని రోజు ఆ ముసలాయన పని ఆగిపోతుంది. ఎక్కడైనా డబ్బు తేడా వస్తే మొదట అనుమానించేదీ మిమ్మల్నే. కొడుకుదో, కోడలిదో, మనవడిదో నంబరు అడగండి, ఎవరిదో ఫారం వెనక రాయండి. ఓటీపీ వస్తే వాళ్లే చదివి చెప్పాలి, వాళ్ల ఫోన్ మీరు చేతిలోకి తీసుకోవద్దు. ఏ పనికి వచ్చిన ఓటీపీయో చెప్పి, "పెద్దమ్మా, ఇది నీ పాన్ కార్డుకు వచ్చింది, ఇంకెవరు ఫోన్ చేసి అడిగినా చెప్పకు" అనండి.

వాళ్ల కాగితాలు నా కంప్యూటర్‌లో దాచిపెట్టుకోవచ్చా? మళ్లీ వస్తే పనికొస్తాయి కదా.

పనికొస్తాయి, అయినా దాచకండి. నేను రోజువారీ ఒక ఫోల్డరు పెట్టి, పని అయ్యాక స్కాన్లు వాళ్ల వాట్సాప్‌కు పంపి, సాయంత్రం తాళం వేసేముందు ఫోల్డరు, డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తాను. ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. `SRIK2006` లాంటిది. మీ దగ్గర ఫైలు ఉంటే తెరవడం ఎవరికైనా చిటికెలో పని. తప్పుగా వచ్చిన ప్రింట్లను చింపేయండి. ఆధార్ జిరాక్సులు పకోడీల పొట్లాలు కావడం మనందరం చూస్తున్నదే.

నా పుస్తకంలో ఉండేవి నాలుగే: తేదీ, మనిషి పేరు, ఏ దరఖాస్తు, అప్లికేషన్ నంబరు.

ఆదాయం తగ్గించి వేయమని ఒత్తిడి చేస్తే?

మనవాళ్లే అడుగుతారు, అదే కష్టం. ఫారం కింద "పైన చెప్పినవి నిజం" అని సంతకం పెట్టేది వాళ్లు. దాన్ని తెలుగులో గట్టిగా చదివి వినిపించండి. చదువు రానివాళ్ల వేలిముద్ర పక్కన సాక్షి సంతకం పెట్టించండి. తర్వాత అబద్ధమని తేలితే సర్టిఫికెట్ రద్దవుతుంది, దాని మీద వచ్చిన సీటుకూ, ఉద్యోగానికీ ముప్పు వస్తుంది. "బాబాయ్, పిల్లోడు ఫైనలియర్‌లో ఉండగా ఇది బయటపడితే ఏం చేస్తావు?" అని నేను నేరుగానే అడుగుతాను. వినకపోతే ఫారం వాళ్ల చేతికే ఇచ్చేస్తాను. తేదీలు దిద్దిన మెమో, అతికించిన ఫొటో సర్టిఫికెట్ స్కాన్ చేయమన్నా ఇంతే.

ఎంత తీసుకోవాలి?

ప్రభుత్వ ఫీజు, మీ కూలి ఎప్పుడూ కలపకండి. మీసేవ రసీదు మీద అచ్చయిన మొత్తం వాళ్లకు చూపించండి, మీ చార్జీ వేరుగా చెప్పండి. గోడ మీద రేట్ల కాగితం అంటించండి: ప్రింటు పేజీకి ఇంత, స్కాలర్‌షిప్ ఫారానికి ఇంత, అర్జీకి ఇంత. మీ పొరపాటు వల్ల మళ్లీ చేయాల్సి వస్తే ఉచితంగా చేయండి. "పని అయినాక ఎంతో కొంత ఇయ్యి" అనే పద్ధతి వద్దు. సర్టిఫికెట్ ఇప్పించడం మీ చేతిలో ఉందని జనం అనుకుంటారు, అది నిజం కాదు.

దరఖాస్తు పెండింగ్‌లోనే ఉంది, లేదా రిజెక్ట్ అయింది. ఇప్పుడేంటి?

మొదట స్టేటస్‌లో అధికారి రాసిన రిమార్కు చదవండి. ఒక్క ముక్క ఇంగ్లిష్‌లో ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే అదే కాగితాలతో మళ్లీ కడతారు, మళ్లీ రిజెక్ట్ అవుతుంది. రిమార్కులో అడిగింది జత చేసి పంపితే ఎక్కువ శాతం అక్కడితో తీరుతుంది.

రిమార్కు ఏమీ లేకుండా గడువు దాటిపోతే దరఖాస్తుదారునే తహసీల్దారు ఆఫీసుకు రసీదుతో పంపండి. ఫైలు ఎవరి లాగిన్‌లో ఉందో అడగమనండి. అదీ కాకపోతే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. రాతపూర్వకంగా కారణం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఎందుకు ఇవ్వలేదు" అని వాదన రాయకుండా కాగితాలు అడగండి: ఫలానా నంబరు దరఖాస్తు మీద ఏ తేదీన ఎవరు ఏ చర్య తీసుకున్నారో ఆ నోట్ నకలు, ఆర్ఐ నివేదిక నకలు ఇప్పించగలరు. ఇలా రాస్తే జవాబు దాటవేయడానికి వీలుండదు. చాలాసార్లు ఆ దరఖాస్తు చేరిన వారంలోనే ఫైలు కదులుతుంది.